టీషర్టుల గుట్ట ఉన్న అబ్బాయికి ముందు కొనాల్సింది ప్యాంటు

ప్రశ్న: మావాడికి 16 ఏళ్లు, ఇంటర్ ఫస్టియర్. బీరువా తెరిస్తే టీషర్టులు మీద పడతాయి. అయినా ఫ్రెండ్ బర్త్‌డేకి వెళ్లాలన్నా, బంధువులింటికి వెళ్లాలన్నా "వేసుకోడానికేం లేవమ్మా" అంటాడు. చివరికి ఏదో ఒక బొమ్మల టీషర్టు, ట్రాక్ ప్యాంటు, రన్నింగ్ షూసు వేసుకుని బయల్దేరతాడు. ఫార్మల్స్ వద్దంటాడు. మామూలు బట్టలే కాస్త తీరుగా కనిపించాలంటే ఏం కొనాలి, ఏం తీసెయ్యాలి? ఐదారు వేలు పెట్టగలం.

జవాబు:

అబ్బాయి చెప్పేది ఒక రకంగా నిజమేనండి. టీషర్టులు ఇరవై ఉన్నా వాటి కిందకి సరిపడే ప్యాంటు ఒక్కటీ లేకపోతే నిజంగానే వేసుకోడానికేం లేనట్టు. ఇలాంటి ఇళ్లలో మామూలుగా జరిగేది, ఇంకో నాలుగు "మంచి" టీషర్టులు కొనడం. గుట్ట పెరుగుతుంది గానీ తీరు రాదు. కాబట్టి ఈసారి కింద నుంచి పైకి రండి: ముందు ప్యాంటు, తర్వాత షూసు, ఆ తర్వాతే టీషర్టు. అదే ట్రాక్ ప్యాంటు మీద వేస్తే చిందరవందరగా కనిపించిన బొమ్మల టీషర్టు, ముదురు నీలం జీన్సు, తెల్ల షూసు మీద ఏరి వేసుకున్నట్టు కనిపిస్తుంది.

కొనేముందు బీరువా మొత్తం మంచం మీద పోయండి. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు చాలు. ఏది ఉంచాలో, ఏది తియ్యాలో అబ్బాయే చెప్పాలి, మీరు కొలిచి చూపించండి అంతే. "ఇది నీకు బాలేదు" అన్నారంటే ఆ టీషర్టు ఇంకో రెండేళ్లు బీరువాలోనే ఉంటుంది. "భుజం కుట్టు చూడు, ఎక్కడుందో" అంటే అద్దంలో చూసుకుని తనే పక్కన పడేస్తాడు.

చూడాల్సినవి మూడే. మొదటిది భుజం కుట్టు. భుజం చివర ఎముక తగులుతుంది కదా, కుట్టు సరిగ్గా దాని మీద పడాలి. మెడవైపు అంగుళం లోపలికి జరిగితే చొక్కా చిన్నదైపోయినట్టే. రెండోది పొడవు. మామూలు టీషర్టు బెల్టును దాటి, జిప్పు సగం దాకా రావాలి. చేతులు పైకెత్తితే పొట్ట రెండు వేళ్ల మందం కన్నా ఎక్కువ కనిపించకూడదు. జిప్పు పూర్తిగా దాటి కిందికొస్తే కాళ్లు పొట్టిగా కనిపిస్తాయి. మూడోది ఛాతీ. టీషర్టును బల్ల మీద పరిచి ఒక చంక కుట్టు నుంచి రెండో చంక కుట్టు దాకా టేపుతో కొలిచి రెట్టింపు చెయ్యండి. ఒంటి కొలత కన్నా మూడు నాలుగు అంగుళాలు ఎక్కువుంటే సరిపోయినట్టు. ఛాతీ 34 ఉన్న అబ్బాయికి పరిచిన టీషర్టు వెడల్పు 18.5 నుంచి 19 అంగుళాలు రావాలి.

ఈ వయసు పిల్లలు "నాకు ఓవర్‌సైజ్ కావాలి" అంటారు. వద్దనకండి, కానీ ఓవర్‌సైజ్ అంటే రెండు సైజులు పెద్దది కొనడం కాదని ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూపించండి. ఓవర్‌సైజ్‌గానే కత్తిరించిన టీషర్టులో భుజం కుట్టు కావాలనే కిందికి జారి ఉంటుంది, ఒళ్లు వెడల్పు, చేతులు మోచేతి దాకా, పొడవు మాత్రం మామూలు దానికన్నా ఒక అంగుళమే ఎక్కువ. పరిచి కొలిస్తే వెడల్పు 21, 22, పొడవు 27, 28 అంగుళాల దగ్గర ఉంటుంది. మామూలు టీషర్టునే ఎక్సెల్‌లో తీసుకుంటే వెడల్పుతో పాటు పొడవూ పెరిగి 29, 30కి పోతుంది. అది పిరుదులు కప్పి నైటీలా వేలాడుతుంది. సన్నగా ఉన్న పిల్లవాడు వేసుకుంటే అన్నయ్యది అడిగి తెచ్చుకున్నట్టుంటుంది. గుడ్డ కూడా తేడానే. 160 జీఎస్‌ఎం పల్చటి గుడ్డతో ఓవర్‌సైజ్ నిలబడదు, ఒంటికి అతుక్కుని ముడతలు పడుతుంది. దానికి 220 నుంచి 240 కావాలి. మన ఎండలకి మామూలు ఫిట్ టీషర్టు 180 దగ్గర ఉంటే హాయిగా ఉంటుంది. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు గుడ్డ బరువు గ్రాముల్లో. ఆన్‌లైన్‌లో వివరాల్లో రాస్తారు. షాపులోనైతే లోపల చెయ్యి పెట్టి వెలుతురుకి ఎత్తి చూడండి. వేళ్లు స్పష్టంగా కనిపిస్తే అది పల్చటి రకం.

ఇప్పుడు రంగుల సంగతి. దీని మీద పెద్ద సిద్ధాంతాలేం అక్కర్లేదు. ప్యాంట్లు రెండు: ఒకటి ముదురు నీలం జీన్సు, ఒకటి ఇసుక రంగు కాటన్ ప్యాంటు, షాపులో చినో అని అడిగితే చూపిస్తారు. చొక్కాలకి తెలుపు లేదా హాఫ్‌వైట్, నలుపు, నేవీ, మెరూన్, బాటిల్ గ్రీన్. ఈ ఐదింటిలో ఏది తీసినా ఆ రెండు ప్యాంట్లలో కనీసం ఒకదాని మీదకి వెళ్తుంది. మన చామనఛాయ మీద మెరూన్, బాటిల్ గ్రీన్ నిండుగా కనిపిస్తాయి. లేత గోధుమ, లేత బిస్కెట్ రంగు టీషర్టులు ఒంటి రంగులో కలిసిపోయి ముఖం పాలిపోయినట్టు చేస్తాయి కాబట్టి ఆ రంగులు ప్యాంట్లకి వదిలెయ్యండి. షాపు లైట్ల కింద నేవీకీ నలుపుకీ తేడా తెలియదు. గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుగులో చూడనిమ్మని అడగండి, ఎవరూ కాదనరు.

ఒక తేడా మాత్రం కళ్లకి కొడుతుంది. పైనా కిందా దాదాపు ఒకే రంగు, కానీ అచ్చంగా ఒకటి కాదు. నేవీ టీషర్టు కింద ముదురు నీలం జీన్సు అలాంటిదే, జత కుదరక సర్దుకున్నట్టు కనిపిస్తుంది. నేవీ కింద ఇసుక రంగు ప్యాంటు పెడితే సమస్యే లేదు.

బొమ్మల టీషర్టులు తీసెయ్యాల్సిన పని లేదు, అవి వాడి ఇష్టం. ఒక్కసారికి ఒక్కటే మాట్లాడాలని మాత్రం చెప్పండి. టీషర్టు మీద పెద్ద బొమ్మ ఉంటే ప్యాంటు, షూసు, పైన వేసే చొక్కా అన్నీ ప్లెయిన్. షూసు ఎర్రవైతే టీషర్టు ప్లెయిన్. ఇంకో చిన్న కిటుకుంది: బొమ్మలో ఉన్న రంగుల్లో ఒకటి ప్యాంటులోనో షూసులోనో మళ్లీ కనిపిస్తే మొత్తం కలిసినట్టుంటుంది. తెల్ల టీషర్టు మీద నల్ల బొమ్మ ఉందనుకోండి, నల్ల బెల్టు, తెల్ల షూసు చాలు. బొమ్మ పగుళ్లిచ్చి పెచ్చులు లేచిన టీషర్టు మాత్రం ఏ ప్యాంటు వేసినా పాతదిగానే కనిపిస్తుంది, అది ఇంట్లోకి.

ఇదంతా ఒక బీరువాలో ఎలా పనిచేస్తుందో లెక్కేసి చూద్దాం. 5 అడుగుల 7 అంగుళాలు, ఛాతీ 34, నడుము 29 ఉన్న అబ్బాయి అనుకోండి. మంచం మీద 22 టీషర్టులు పడ్డాయి. ఆరు భుజం దగ్గర లోపలికి జరిగినవి, తొమ్మిదో తరగతివి, తమ్ముళ్లకో ఇంకెవరికో ఇచ్చెయ్యాలి. ఐదు కోచింగ్ సెంటర్లోనో, స్పోర్ట్స్ డేకో ఊరికే ఇచ్చినవి, పడుకునేటప్పుడు వేసుకోడానికి. మూడు ఫుట్‌బాల్ జెర్సీలు, పాలిస్టర్, చెమట వాసన పట్టేస్తుంది కాబట్టి గ్రౌండుకే. రెండు పగిలిన బొమ్మలవి. మిగిలినవి ఆరు: ప్లెయిన్ నలుపు, ఛాతీ మీద చిన్న గుర్తున్న నేవీ, ప్లెయిన్ మెరూన్, పెద్ద నల్ల బొమ్మ ఉన్న తెలుపు, చిలకపచ్చ ఒకటి, పసుపూ నీలమూ ఎరుపూ ముక్కలు కలిపి కుట్టింది ఇంకొకటి. చూశారుగా, 22 ఉన్న చోట పనికొచ్చేవి నాలుగు, ఇష్టం కొద్దీ ఉంచుకునేవి రెండు. కింద చూస్తే ట్రాక్ ప్యాంట్లు మూడు, చీలమండ పైకెక్కిన బిగుతు జీన్సులు రెండు.

ఈ అబ్బాయికి కొనాల్సినవి: ముదురు నీలం స్ట్రెయిట్ ఫిట్ జీన్సు ఒకటి, ఇసుక రంగు చినో ఒకటి, ప్లెయిన్ టీషర్టులు రెండు (హాఫ్‌వైట్, బాటిల్ గ్రీన్), ఆక్స్‌ఫర్డ్ అనే కాటన్ గుడ్డతో కుట్టిన లేత నీలం పొట్టి చేతుల చొక్కా ఒకటి, తెల్లటి సాదా షూసు ఒక జత. జీన్సు 1,000 నుంచి 1,300, చినో 900 నుంచి 1,200, టీషర్టులు రెండూ కలిపి 800, చొక్కా 700 నుంచి 900, షూసు 1,200 నుంచి 1,500 వేసుకుంటే మీరన్న ఐదారు వేలలో అయిపోతుంది. ఇప్పుడు పైన ఏడు, కింద రెండు, అంటే 14 జతలు. అందులో నేవీ మీద నీలం జీన్సు తీసెయ్యండి, 13. చిలకపచ్చ, ముక్కల టీషర్టు రెండూ జీన్సు మీదకి మాత్రమే, అవి కలిపితే 15. బీరువాలో ఉన్నవి మునుపటి కన్నా తక్కువే, కాని రెండు వారాలు ఒకే జత మళ్లీ వెయ్యకుండా తిరగొచ్చు.

డబ్బు ఒకేసారి పెట్టలేకపోతే మొదటి నెల జీన్సు, షూసు కొనండి. ఉన్న నాలుగింట్లో నేవీ తప్ప మిగతా మూడు టీషర్టులూ ఆ రెంటితోనే చాలావరకు మారిపోతాయి. లేత నీలం చొక్కా చివరన కొన్నా నష్టం లేదు.

ఆ చొక్కా గురించి ఒక మాట. ఇంటర్నెట్‌లో చూసి పిల్లలు టీషర్టు మీద చొక్కా బొత్తాలు విప్పి వేసుకోవాలంటారు. బాగుంటుంది కూడా. కానీ విజయవాడలో మేలో రెండు పొరలు వేసుకుంటే పావుగంటలో విప్పి చేతిలో పట్టుకుంటాడు. హైదరాబాదులో నవంబరు నుంచి జనవరి దాకా, మిగతా రోజుల్లో ఏసీ హాల్లో సినిమాకి అయితే పర్లేదు. అందుకే పొట్టి చేతులది చెప్పింది. ఎండాకాలం దాన్నే బొత్తాలు పెట్టి విడిగా వేసుకుంటాడు, బంధువులింటికి అదే సరిపోతుంది. చొక్కా కింది అంచు గుండ్రంగా బాగా కిందికి దిగితే టక్ చెయ్యడానికి కుట్టినది. టక్ చెయ్యని పిల్లవాడికి అంచు సూటిగా ఉన్నది తీసుకోండి.

చెమట లెక్క కూడా రంగుతోనే ఉంది. బూడిద రంగు మచ్చల టీషర్టు చంకల దగ్గర తడిస్తే ఆమడ దూరం నుంచి కనిపిస్తుంది. లేత నీలం కూడా అంతే, అందుకే ఆ చొక్కా బంధువులింటికే గానీ కాలేజీ బస్సుకి కాదు. తెలుపు, నలుపు, నేవీలో తడి అంతగా తెలియదు. బస్సులో కాలేజీకి వెళ్లే పిల్లవాడికి బూడిద రంగు కొనకపోవడమే మంచిది. ఇక తెల్ల చొక్కా కింద తెల్ల బనీను వేస్తే గీతలు కనిపిస్తాయి. లేత బూడిద రంగు బనీను వేస్తే దాదాపు తెలియదు. చాలామంది నమ్మరు, ఒకసారి వేయించి చూడండి.

ప్యాంటు దగ్గర ఎక్కువ డబ్బు దండగయ్యేది పొడవులో. అబ్బాయి ఇంకా రెండు మూడు సెంటీమీటర్లు ఎదగొచ్చు. ప్యాంటు నిలబడితే షూ పైభాగాన్ని తాకి ఒక్క చిన్న మడత పడాలి, చీలమండ దగ్గర నాలుగు మడతలు కుప్ప పడకూడదు. షాపులో కొన్న చినో పొడవుంటే టైలరు అలవాటుగా కత్తిరించేస్తాడు. కత్తిరించకుండా రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టమని ముందే చెప్పండి. ఎదిగాక విప్పుకోవచ్చు. జీన్సుకి ఇది పనికిరాదు. మడత అంచు దగ్గర నీలం రంగు ఉతికే కొద్దీ పోయి, విప్పినప్పుడు తెల్ల గీత అలాగే ఉండిపోతుంది. జీన్సు కత్తిరించకుండా, కుట్టకుండా, బయటికి అంగుళం చొప్పున రెండు మడతలు పెట్టి వేసుకోమనండి. పిల్లలకి అది ఫ్యాషనే కాబట్టి గొడవ కూడా ఉండదు. రెండు మడతలకి మించి పొడవుంటే మాత్రం పొడవు తక్కువ సైజు అడగండి.

నడుము రెండంగుళాలు పెద్దది కొని బెల్టుతో బిగిద్దామనుకుంటారు కొందరు. వెనకవైపు గుడ్డ సంచిలా పోగవుతుంది, కూర్చుంటే ఇంకా తెలుస్తుంది. ట్రయల్ రూములో ప్యాంటు వేసుకుని స్టూలు మీద కూర్చోమనండి. వెనక నడుము దగ్గర రెండు వేళ్లు దూరితే చాలు, అరచెయ్యి దూరితే సైజు దించాలి. నడుము తగ్గించడం, చొక్కా పక్కలు లోపలికి తియ్యడం, చేతులు పొట్టి చెయ్యడం టైలరు చేస్తాడు. భుజం ఎవరూ సరిచెయ్యలేరు, సరిచేసినా చొక్కా ఖర్చంత అడుగుతాడు. అందుకే చొక్కా కొనేటప్పుడు భుజం ఒక్కటీ సరిగ్గా ఉంటే మిగతావి చూసుకోవచ్చు. టీషర్టు పొడవు తగ్గించాలంటే కింది అంచుకి రెండు సూదుల మిషను ఉన్న చోటే ఇవ్వండి. మామూలు మిషను మీద కుడితే గుడ్డ సాగుతుంది, దారం సాగదు, రెండోసారి తల దూర్చేటప్పుడే పటపటమని తెగుతుంది.

ప్లెయిన్ టీషర్టు కొనేటప్పుడు బొమ్మ లేదు కాబట్టి లోపాలు దాచుకునే చోటుండదు. రెండు భుజాలూ పట్టుకుని ఎత్తి చూడండి, పక్క కుట్టు సూటిగా కిందికి జారాలి. ఇప్పుడే కొంచెం ముందుకు తిరిగి ఉంటే రెండు ఉతుకుల తర్వాత బొడ్డు దాకా వస్తుంది. అల్లిక గుడ్డని మెలికతోనే కత్తిరించడం వల్ల వచ్చే దోషం అది, ఇస్త్రీతో పోదు. మెడ పట్టీని వేళ్లతో కొంచెం సాగదీసి వదిలితే వెంటనే వెనక్కి రావాలి. నూరుశాతం కాటన్ అయితే ముందే కుంచింపజేసిన గుడ్డ అని రాసి ఉందేమో చూడండి. లేకపోతే మొదటి రెండు ఉతుకుల్లో వందకి మూడు నుంచి ఐదు వంతులు కుంచుతుంది. 27 అంగుళాల పొడవులో అంగుళం పోయినట్టే. సరిగ్గా సరిపోయింది కొంటే నెలకి పొట్టయిపోయేది అందుకే.

ఇక ఇంట్లో పాడయ్యేది ఎక్కువగా ఆరేసే చోట. తడి టీషర్టును హ్యాంగరుకి తగిలిస్తే నీళ్ల బరువుకి మెడ సాగి అల అలలుగా అయిపోతుంది, భుజాల మీద హ్యాంగరు బుడిపెలు లేస్తాయి. తిరగేసి, నడుము దగ్గర తీగ మీద సగానికి వేసి నీడలో ఆరెయ్యండి. కొత్త నీలం జీన్సు మొదటి మూడు నాలుగు సార్లు విడిగా, తిరగేసి, చన్నీళ్లలో ఉతకండి. రంగు దిగుతున్నన్నాళ్లూ దాన్ని తెల్ల షూసు మీదకి మడత పెట్టకుండా వదిలితే షూ అంచుకి నీలం అంటుకుంటుంది, మళ్లీ వదలదు. వాన పడిన రోజైతే మరీను. తెల్ల షూసు భయపెడతాయి గానీ పైభాగం గుడ్డది కాకుండా తోలులాంటి రెగ్జిన్‌ది తీసుకుంటే తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. గుడ్డ షూసు మన దుమ్ముకి వారంలో మట్టి రంగుకొస్తాయి.

రన్నింగ్ షూసు, ముఖ్యంగా మెరిసే పచ్చా నారింజా ఉన్నవి, జీన్సు కిందకి వద్దని మాత్రం కాస్త గట్టిగానే చెప్పండి. మొత్తం జతని చెడగొట్టేది చాలాసార్లు అదే. పండగలకి ఇదే ఇసుక రంగు చినో మీద పొట్టి కుర్తా కూడా వెళ్తుంది, విడిగా ఇంకో ప్యాంటు అవసరం రాదు.

చివరగా, మొదటి వారం ఆరేడు జతలు వాడితోనే మంచం మీద పరిపించి, పై నుంచి ఫోనులో ఫోటోలు తీయించండి: టీషర్టు, దాని కింద ప్యాంటు, దాని కింద షూసు. పొద్దున్న ఏడింటికి కాలేజీ బస్సు హారన్ కొడుతుంటే రంగులు ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? ఫోన్ తీసి చూసుకుని వేసుకుంటాడు. తర్వాత ఏదైనా టీషర్టు నచ్చిందని లింకు పంపితే, అది ఉన్న రెండు ప్యాంట్లలో దేని మీదకో ఫోటో పక్కన పెట్టి చూపించమనండి. దేనికీ కుదరకపోతే ఆ టీషర్టు కార్టులోనే ఉండిపోతుంది.